క్లిప్పు కింది ఊదా

పెద్దాయన రంగు కలుపుతున్నప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఓనరు కూడా మాట్లాడడు. ఆ ప్రెస్సులో ఈ నియమం ఏ గోడ మీదా రాసి లేదు. రాసిపెట్టిన వాటికంటే గట్టిగా మాత్రం నడిచేది.

గాజుపలక మీద గులాబీ ఇంకు ఒక ముద్ద, నీలం ఇంకు ఒక ముద్ద. వెడల్పాటి కత్తితో ఆయన రెండింటినీ పిసికి, మడతపెట్టి, పలచగా లాగి, మళ్లీ దగ్గరికి పోగుచేసేవాడు. ఇంట్లో పిండి కలిపే చేతికీ ఆ చేతికీ తేడా ఏమిటంటే, పిండి కలిపేవాళ్లు మధ్యమధ్యలో కబుర్లు చెబుతారు. టైలరమ్మ పక్కనే నిలబడి పాత గుడ్డ పట్టుకుని చూసేది. కత్తి చాచినప్పుడల్లా గుడ్డ అందించాలి. అది ఆమె పని. మూడు నెలలుగా అదే పని.

ఆమెకు ముప్ఫై నాలుగేళ్లు. ఆ వయసులో పని నేర్చుకోవడానికి వచ్చిన మనిషిని చూసి మెషిన్ దగ్గరివాళ్లు మొదటి వారం నవ్వుకున్నారు. అంతకుముందు పదహారేళ్లు కుట్టుమిషను ముందు కూర్చుంది గనక టైలరమ్మ అని పేరు పెట్టారు. రెండో వారానికి ఆ పేరే ఖాయమైపోయింది. ఆమె తొడుక్కునే ఏప్రన్ మీద మాత్రం ఇంకొకరి పేరు ఉండేది. ‘రేడియో’ అని, మార్కరు పెన్నుతో, పెద్ద అక్షరాలతో. అంతకుముందు ఈ పనిలో ఉన్న కుర్రాడి ఏప్రన్ అది. వాడి నోట్లో నువ్వుగింజ నానేది కాదట. అందుకని ఆ పేరు. ఎన్నిసార్లు ఉతికినా ఆ అక్షరాలు పోలేదు.

పెద్దాయన ఇంకు చుక్క తీసి తెల్లకాగితం మీద పెట్టి కత్తి అంచుతో కిందికి లాగాడు. పైన దట్టంగా, కిందికి వచ్చేసరికి పలచగా, రంగు నాలుకలా సాగింది. ఆ నాలుకను ఎదురుగా ఉన్న షీటు మీద ఆనించి కళ్లు చికిలించాడు.

“ఇంకా ఎరుపు కొడుతోంది. నీలం వెయ్యి.”

టైలరమ్మ రంగుల నోట్‌బుక్ వైపు చూసింది. ఈ రంగుకు గులాబీ ఏడు పాళ్లు, నీలం మూడు పాళ్లు అని అందులో పెద్దాయన చేతిరాతతోనే ఉంది. ఇప్పటికే గులాబీ అయిదు, నీలం అయిదు అయింది.

“బాబాయ్, పుస్తకంలో ఏడూ మూడూ...”

“పుస్తకం రాసినప్పటి గులాబీ వేరు. ఇప్పుడు వచ్చే లాటు ఘాటెక్కింది. అయినా పుస్తకం చూసి రంగు కలిపేవాడు పంచాంగం చూసి అన్నం తినేవాడు. మనకి ప్రమాణం ఏది?”

“షీటు.”

“ఆఁ.”

గోడ నిండా షీట్లే. పడమటి కిటికీకి ఎదురుగా ఉన్న గోడకి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో ఇనప క్లిప్పు, క్లిప్పుకో షీటు. ‘ఇలాగే అచ్చువేయండి’ అని గిరాకీ సంతకం పెట్టిన మొదటి షీటును పెద్దాయన ఎప్పుడూ పారేసేవాడు కాదు. మళ్లీ అదే జాబు, అంటే అదే అచ్చుపని, వచ్చినప్పుడు గోడ మీంచి దించి, దాన్నిబట్టి రంగు కలిపేవాడు. సబ్బు రేపర్లు, నోటుపుస్తకాల అట్టలు, విత్తనాల సంచులు, ఎప్పుడో మూతపడిన సినిమాహాలు టిక్కెట్లు. సాయంత్రం ఎండ ఆ గోడ మీద పడితే ప్రెస్సంతా ఒక క్షణం పెళ్లివారి ఇల్లులా ఉండేది. ఊళ్లో ఇంకే ప్రెస్సుకీ అలాంటి గోడ లేదు. కొత్త గిరాకీ వస్తే ఓనరు ముందు మెషిను చూపించేవాడు కాదు, గోడ చూపించేవాడు.

చివరికి గులాబీ నాలుగు, నీలం ఆరు, పైన చూపుడువేలి గోరంత నలుపు. నాలుకను షీటుకు ఆనిస్తే రెండింటికీ మధ్య గీత కనిపించలేదు. పెద్దాయన కత్తి కింద పెట్టాడు. అంటే ఇక మాట్లాడొచ్చు.

జాబు చిన్నది కాదు. మందుల కంపెనీవాళ్ల డబ్బాలు, ఒక్కో రకం లక్ష. గుండె మాత్ర ఒకటే, మోతాదులు రెండు. చిన్న మోతాదు డబ్బాకి నీలం పట్టీ, పెద్ద మోతాదు డబ్బాకి ఊదా పట్టీ. మిగతాదంతా, అక్షరాలూ గీతలూ డబ్బా కొలతా, ఒక్కటే. నీలం డబ్బాల షీట్లు ముందే అచ్చయి చెక్క బల్ల మీద నడుం ఎత్తు పేర్చి ఉన్నాయి. ఊదావి ఎల్లుండి పొద్దున ఆరింటికి మొదలుపెట్టాలి.

మర్నాడంతా మెషిను సర్దడంతో సరిపోయింది. ఊదాకి ఒక ప్లేటు, నల్ల అక్షరాలకి ఒక ప్లేటు. ఒక్కోదాన్ని సిలిండరుకు చుట్టి బిగించాలి. ఇంకు తొట్టి కింద వరసగా ఉండే మరలను ఒక్కోటి పావువంతు, అరవంతు తిప్పి, పట్టీ ఉన్నచోట ఇంకు ఎక్కువ, ఖాళీ ఉన్నచోట తక్కువ పడేట్టు చెయ్యాలి. నీళ్లు ఎక్కువైతే రంగు పాలిపోతుంది, తక్కువైతే కాగితమంతా మురికిపడుతుంది. పెద్దాయన మెషిను పక్కన నిలబడి చప్పుడు వినేవాడు. రోలర్ల మీద ఇంకు సరిగ్గా ఉంటే నూనెలో ఏదో సన్నగా వేగుతున్నట్టు చిటపట వస్తుంది. ఎక్కువైతే ముద్దగా చప్పరించినట్టుంటుంది. టైలరమ్మకి కుట్టుమిషను చప్పుడు తెలుసు. దారం తెగబోయే ముందు మిషను ఒకలా దగ్గుతుంది. అందుకని ఈ వినడం ఆమెకు త్వరగానే పట్టుబడింది.

సాయంత్రం మందుల కంపెనీ మేనేజరు వచ్చాడు. బల్ల మీద, ట్యూబులైటు కింద, గోడ మీంచి దించిన పాత షీటూ మెషిను మీంచి వచ్చిన కొత్త షీటూ పక్కపక్కన పరిచారు. ఆయన అటూ ఇటూ చూశాడు.

“అచ్చు గుద్దినట్టుంది.”

“మేం చేసే పనే అది కదండీ,” అన్నాడు ఓనరు.

మేనేజరు నవ్వుతూ సంతకం పెట్టాడు. “మా ఫైల్లో కూడా ఒక షీటు ఉండాలి. మీ గోడ ఉండగా అదెందుకని వెతకనే లేదు.”

పెద్దాయన మీసం కింద నవ్వుకున్నాడు. అందరూ వెళ్లాక చేతులు తుడుచుకుంటూ, “అమ్మాయ్, పాతదాన్ని గోడకి తగిలించి, కొత్తదాన్ని మెషిను దగ్గర పెట్టు. పొద్దున దీన్ని చూసే నడపాలి,” అని చెప్పి ఇంటికి బయల్దేరాడు.

అప్పుడు ఆమె చేసిన పని చాలా చిన్నది. దించేటప్పుడు తియ్యని క్లిప్పు పాత షీటుకు ఇంకా వంకరగా పట్టి ఉంది, షీటు ఒక పక్కకి వాలుతోంది. సరిగ్గా పట్టిద్దామని క్లిప్పు నొక్కి తీసింది.

షీటు పై అంచున వరసగా చిన్నచిన్న రంగు గడులు ఉంటాయి. అచ్చువేసేటప్పుడు ఇంకు ఎంత పడుతోందో చూసుకోవడానికి వేసేవి అవి. డబ్బా కత్తిరించాక చెత్తలోకి పోతాయి. క్లిప్పు పట్టింది సరిగ్గా ఆ గడుల మీదే. క్లిప్పు తీయగానే ఊదా గడిలో పై సగం ఒక రంగు, కింది సగం ఒక రంగు కనిపించాయి. కింది సగం వాళ్లు రెండు రోజులు కష్టపడి కలిపిన రంగు. వేలి వెడల్పున ఉన్న పై సగం నేరేడుపండు రసం గుడ్డ మీద పడితే ఉండే రంగు. నిండు ఊదా.

టైలరమ్మ ఆ గడిని కంటికి దగ్గరగా పట్టుకుని చూసింది. ఇది ఆమెకు కొత్త సంగతి కాదు. పాత చొక్కాకి అతుకు వెయ్యమని ఎవరైనా తెస్తే దారం రంగును పైన చూసి తీసుకోరు. మడత విప్పి, కుట్టు లోపల చూస్తారు. చొక్కా ఒకప్పుడు ఏ రంగో తెలిసేది అక్కడే. పై రంగు ఎండది, లోపలి రంగు గుడ్డది. పదహారేళ్లు ఆమె చేసింది ఆ పనే.

ఊదా అంటే గులాబీ, నీలం. ఎండకి ముందు చచ్చేది గులాబీ. నీలం నిలబడుతుంది. అంటే ఈ షీటు ఏళ్ల తరబడి కిటికీకి ఎదురుగా వేలాడుతూ మెల్లగా నీలమైపోయింది. నోట్‌బుక్ సరిగ్గానే ఉంది. కొత్త లాటు గులాబీ కూడా సరిగ్గానే ఉంది. తప్పంతా ప్రమాణానిది.

ఆమె కొత్త షీటు తీసుకెళ్లి, పేర్చి ఉన్న నీలం షీట్ల పక్కన పెట్టింది. పట్టీ పక్కన పట్టీ. అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. ఈ మాట మేనేజరుకి ఎందుకు తట్టలేదంటే, ఎవరూ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. గోడ ఉండగా ఇంకెందుకు? పాత షీటును ఆమె ఇంటికి తీసుకెళ్లింది.

ఇంట్లో అత్తయ్య మంచం మీద కూర్చుని మాత్రల డబ్బాలు సర్దుకుంటోంది. ఆవిడకి చదువు రాదు. లెక్కలో మాత్రం కోడల్ని మించిన మనిషి.

“ఎర్ర డబ్బా పొద్దున, పచ్చ డబ్బా రాత్రి. నాకెందుకే అక్షరాలు? అక్షరాలు చూసుకునే మీ ఆయన జ్వరం మాత్రకి బదులు దగ్గు మాత్ర మింగలేదూ మొన్న?”

“అత్తయ్యా, ఆ రెండు డబ్బాలూ ఒకే రంగులో ఉంటే ఏం చేస్తావు?”

“ఎందుకుంటాయి? చేసేవాళ్లకి ఆ మాత్రం బుద్ధి ఉండదా?”

విషయాన్ని టైలరమ్మ మింగలేకపోయింది, కక్కలేకపోయింది. ఈ పనిలో ఆర్నెల్లు నిలబడితేనే ఉద్యోగం. అందులో సగం గడిచింది. ఇంకుకుర్రాడు రేడియో ఎందుకు వెళ్లిపోయాడో ఆమెకు తెలుసు. నాలుగు నెలల క్రితం ఇదే ఊదా కలిపాడు. పుస్తకం చూసి, తూచి, ఏడూ మూడూ వేశాడు. గోడ మీది షీటుతో కలవలేదు. రెండు కిలోల ఇంకు పాడుచేశావన్నాడు పెద్దాయన. పుస్తకంలో ఉన్నట్టే వేశానన్నాడు వాడు. నా రాతతో నాకే పాఠం చెబుతావా అన్నాడు పెద్దాయన. ఆ సాయంత్రమే వాడు ఏప్రన్ మేకుకి తగిలించి వెళ్లిపోయాడు. ఆ మేకు మీంచే ఆమె దాన్ని తీసి తొడుక్కుంది.

ఆ కుర్రాడు చేసింది తప్పు కాదు. తనకి ఈ పని దొరికింది ఆ తప్పు కాని తప్పు వల్లే. ఈ ఆలోచన వచ్చాక ఇంట్లో కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. షీటును చుట్టి, ఆరిన గుడ్డలో పెట్టుకుని, పెద్దాయన ఇంటికి వెళ్లింది.

పెద్దాయన అప్పుడే చెయ్యి కడుక్కుంటున్నాడు. ఆయన భార్య కంచాలు తీస్తూ, “రామ్మా, కూర్చో,” అని కుర్చీ జరిపింది. టైలరమ్మ కూర్చోలేదు. షీటు విప్పి, పై అంచు చూపించి, మడత లోపలి గుడ్డ సంగతి చెప్పింది. చెప్పాల్సినదంతా చెప్పింది.

ఆయన షీటును దీపం దగ్గరికి పట్టుకుని చాలాసేపు చూశాడు.

“తుప్పు మరక. ఇనప క్లిప్పు కదా.”

“తుప్పయితే గోధుమరంగులో ఉండాలి బాబాయ్.”

“రాత్రిపూట రంగు చూడకూడదని తెలియదా నీకు?”

“తెలుసు. అందుకే పొద్దున వెలుగులో ఒక్కసారి...”

“మేనేజరు సంతకం పెట్టాడు. ఓనరు ఒప్పుకున్నాడు. ఆ షీటుకీ మెషిను మీది షీటుకీ వెంట్రుకవాసి తేడా లేదు. రేపు ఎవడొచ్చి అడిగినా చూపించడానికి సంతకం ఉంది. సంతకానికి రంగు పోదమ్మాయ్.” ఆయన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే ఆమెకి తేలిగ్గా ఉండేది. “నలభై ఏళ్లుగా ఆ గోడ చూసి అచ్చువేస్తున్నాను. నువ్వు అంటున్నది ఏమిటో తెలుసా? ఈ ఒక్క షీటు కాదు. గోడంతా.”

టైలరమ్మ అంతదూరం ఆలోచించలేదు. ఆయన ఆలోచించాడు.

“నేను గోడని అనలేదు బాబాయ్.”

“అనకపోతే ఇక ఇంటికి వెళ్లు. పొద్దున ఆరింటికి మెషిను నడుస్తుంది. ఏప్రన్ తొడుక్కుని రావాలో, మేకుకి తగిలించాలో నువ్వే చూసుకో.”

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమె షీటు తీసుకోబోయింది. పెద్దాయన వదల్లేదు. అలాగే వదిలేసి వచ్చింది. గుమ్మం దాకా వచ్చిన ఆయన భార్య మెల్లగా, “రంగు మాట అయితే ఆయన నిద్రపోడులే. వెళ్లిరా,” అంది.

మర్నాడు టైలరమ్మ అయిదింటికే వెళ్లింది. ఏం చేద్దామని వెళ్లిందో ఆమెకే తెలియదు. మెషిను మీద చెయ్యి వేసి ఆపగలదా? ఓనరు కాళ్లు పట్టుకుంటుందా? షట్టరు సగం పైకి ఎత్తి ఉంది. వంగి లోపలికి దూరింది.

గోడ బోసిగా ఉంది.

మేకులు మాత్రమే మిగిలాయి. మేకు కింద మేకు కింద, షీట్లు వేలాడినంత మేర సున్నం తెల్లగా, కిటికీలంత పెద్ద గడులుగా కనిపిస్తోంది. నేలమీద పేపర్లు పరిచి, వాటి మీద షీట్లు వరసగా పెట్టి ఉన్నాయి. బల్ల మీద క్లిప్పుల గుట్ట. మధ్యలో పెద్దాయన పీట వేసుకుని కూర్చున్నాడు, రాత్రి చొక్కాతోనే.

ఆమెను చూసి తల ఎత్తకుండానే, “తుప్పు మరకేమో చూద్దామని వచ్చాను,” అన్నాడు. “సబ్బు రేపరుకి పట్టిన తుప్పు ఆకుపచ్చగా ఉంది. విత్తనాల సంచికి పట్టిన తుప్పు నారింజరంగులో ఉంది. ఎన్ని రంగుల తుప్పమ్మా ఇది.”

ఆమె వచ్చి ఆయన పక్కన నేలమీద కూర్చుంది.

ఆయన ఒక్కో షీటూ పైకి తీసి చూపించాడు. కింద అంతా పాలిపోయిన రంగులు, నీళ్లు కలిపిన మజ్జిగలా. పైన క్లిప్పు నోరు పట్టినంత మేర, వేలి వెడల్పున, ఒక ముక్క నిన్న అచ్చయినట్టు నిగనిగలాడుతోంది.

“ఇది మా పెళ్లయిన ఏడు కలిపింది. పసుపు. నోటుపుస్తకం అట్ట. దీన్ని ఎండలో ఆరబెడుతుంటే మీ పిన్ని వచ్చి, ఇదేం పసుపండీ కళ్లు పోయేట్టుందీ అంది. కళ్లు పోయేట్టుండేదని నాకు గుర్తే లేదు చూడు. ప్రతి ఏడూ మళ్లీ కలిపాను, ప్రతి ఏడూ కొంచెం తగ్గించి కలిపాను. తగ్గిస్తున్నానని తెలియకుండా.” ఆ ముక్క మీద బొటనవేలు పెట్టి తీశాడు. “ఇంత మంచి పసుపు కలిపానా నేను?”

ఆయనకు దుఃఖం వచ్చింది. అది సిగ్గుతో వచ్చిన దుఃఖమో, తన పాత చేతిని మళ్లీ చూసుకున్నందుకు వచ్చినదో చెప్పడం కష్టం. రెండూ అయి ఉంటాయి. కళ్లు తుడుచుకోబోయి, చేతికి ఇంకు ఉందేమోనని ఆగి, భుజానికి తుడుచుకున్నాడు.

తరువాత రంగుల నోట్‌బుక్ తెచ్చాడు. ఊదా పేజీ తీశాడు. అందులో ఒక కాగితం ముక్క అంటించి ఉంది, రంగు నాలుక. దాని మీద ఎర్ర పెన్సిలుతో పెద్ద ఇంటూ గుర్తు. కింద ‘రేడియో కలిపింది, పనికిరాదు’ అని ఆయన రాతే.

“వెలుగొచ్చిందా?” అన్నాడు.

ఇద్దరూ గుమ్మం దగ్గరికి వెళ్లారు. ఎదురుగా వీధి ఊడుస్తున్న చప్పుడు. పాలవాడి సైకిలు. తూర్పున ఇంకా బూడిదరంగే ఉంది. రంగు చూడటానికి అది చాలదు. ఇద్దరూ ఎండ కోసం చూస్తూ నిలబడ్డారు. రాత్రి ట్యూబులైటు కింద ఒకేలా కనిపించే రెండు రంగులు పొద్దుటి వెలుగులో విడిపోవచ్చు. దారం కొనడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ తెలిసిన సంగతే, అందుకే దారాల కొట్లో ఎవరూ లోపల నిలబడి రంగు ఎంచుకోరు.

ఎదురింటి గోడ మీద ఎండ పడ్డాక ఆమె నోట్‌బుక్ తెరిచి పట్టుకుంది. పెద్దాయన షీటు పై అంచును, క్లిప్పు కింది ఊదాను, తెచ్చి ఆ నాలుక పక్కన ఆనించాడు. నాలుగు నెలలు మూసిన పుస్తకంలో చీకట్లో ఆరిన రంగు అది. రెండింటికీ మధ్య గీత లేదు.

“సరిగ్గా కలిపాడు,” అన్నాడు పెద్దాయన. కాసేపయ్యాక మళ్లీ అదే మాట అన్నాడు.

ఓనరు ఆరింటికి వచ్చేసరికి మెషిను నడవడం లేదు. టైలరమ్మ రోలర్లు కడుగుతోంది. రోలర్లు తిరుగుతుంటే ఇంకు కడిగే మందు చల్లి, కిందనున్న రబ్బరు పలకతో గీకితే పాత ఇంకు నీలం నీళ్లుగా తొట్టిలోకి కారుతోంది. ఒకసారి కడిగితే చాలదు. అడుగున మిగిలిన నీలం కొత్త రంగును మళ్లీ లాగేస్తుంది. మూడుసార్లు కడిగింది. పెద్దాయన ఓనరును గోడ దగ్గరికి తీసుకెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తప్పు ఎవరిదని ఓనరు అడగలేదు. బోసి గోడను చూసి కుర్చీలో కూలబడ్డాడు.

“సంతకం ఉందిగా పెద్దాయనా. నడిపేస్తే మనల్ని ఎవరూ ఏమీ అనరు.”

“మనల్ని అనరు. మాత్ర మింగేవాడు ఎవర్నని అంటాడు?” అన్నాడు పెద్దాయన. “మేనేజరుకి ఫోను చెయ్యండి. ఫైల్లో షీటుంటే వెతికి తెమ్మనండి. నాలుగు నెలల క్రితం పంపిన డబ్బాల సంగతి కూడా నేనే చెబుతాను. అప్పుడే కొంత నీలానికి తిరిగి ఉంటుంది.”

ఇక రంగు. కొత్తగా రెండు కిలోలు కలపాలంటే గులాబీ ఇంకు చాలదు, మొన్న కలిపినదాంట్లోనే అయిపోయింది. టైలరమ్మ మెట్ల కింది అల్మారాలోంచి, అప్పుడు రేడియో కలిపిన ఊదా డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత మీద కాగితం అంటించి ఉంది. ‘చెడిపోయింది’ అని.

పెద్దాయన మూత తీశాడు. పైన మీగడలా ఇంకు పెచ్చు కట్టి ఉంది. కత్తి మొనతో అంచు వెంట గీసి, విరగకుండా, ఒక్క ముక్కగా పైకి లేపాడు. పెచ్చు ముక్కలు లోపల పడితే అచ్చులో చుక్కలు పడతాయి. అడుగున ఇంకు మెత్తగా, జిగటగా, నిన్న కలిపినట్టే ఉంది. ఆయన కత్తిని చాచాడు. టైలరమ్మ గుడ్డ అందించబోయింది.

“గుడ్డ కాదు. కత్తి పట్టుకో. నిలవున్న ఇంకు కదా, నువ్వు మెదుపు.”

ఆ రోజుల్లో ఆ ప్రెస్సులో ఒకరి కత్తి ఇంకొకరు ముట్టుకునేవారు కాదు. ఆమె పట్టుకుంది. పిసికి, మడతపెట్టి, పలచగా లాగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడటం లేదని ఆమెకు కాసేపటి దాకా తెలియలేదు.

మేనేజరు పదింటికి ఫైలు పట్టుకుని వచ్చాడు. ఏడేళ్లనాటి షీటు, అట్టల మధ్య చీకట్లో ఉన్నది. దాన్ని గుమ్మం దగ్గర ఎండలో పెట్టి, మెషిను మీంచి వచ్చిన తడి షీటును పక్కన పెట్టారు. తడి మీద వన్నె కాస్త ఎక్కువ ఉంటుందని పెద్దాయన ముందే చెప్పాడు. అరగంట ఆరనిచ్చి మళ్లీ చూశారు. మేనేజరు పాత సంతకం కొట్టేసి, కొత్త షీటు మీద సంతకం పెట్టాడు. టైలరమ్మ నిన్నటి షీటును నీలం షీటు పక్కన పెట్టి చూపిస్తే, ఇది కనిపెట్టిందెవరని అడిగాడు. రెండు డబ్బాలూ ఒకేలా ఉంటున్నాయని మందుల కొట్లవాళ్లు ఈ మధ్య రెండుసార్లు అన్నారట, తాను పట్టించుకోలేదట. నాలుగు నెలల క్రితం వెళ్లినవాటిని ఆ రోజే కొట్లలోంచి వెనక్కి తెప్పిస్తానన్నాడు.

సాయంత్రానికి షీట్లు పూర్తయ్యాయి. మెషిను ఆగాక పెద్దాయన జాబు కార్డు నింపాడు. కాగితం, ప్లేట్లు, ఎన్ని షీట్లు, ఎన్ని పాడు. ‘రంగు కలిపినవారు’ అన్నచోట ‘రేడియో’ అని రాశాడు. ఓనరు భుజం మీంచి చూశాడు.

“వాణ్ణి పంపేశాం కదా?”

“పంపింది నేను. మీరు కాదు,” అన్నాడు పెద్దాయన.

రేడియో రెండు వీధుల అవతల పెయింట్ల కొట్లో పనిచేస్తున్నాడు. మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన, టైలరమ్మ అక్కడికి వెళ్లారు. కుర్రాడు స్టూలు మీద నిలబడి పైఅరలో డబ్బాలు సర్దుతూ కింద ఎవరికో ఏదో చెబుతున్నాడు. పెద్దాయన్ని చూసి మాట ఆపేశాడు. అంత మాటకారి మాట ఆపడం చూసి కొట్టు యజమాని కూడా తలెత్తి చూశాడు.

పెద్దాయన జేబులోంచి ఒక కాగితం ముక్క తీశాడు. షీటు పై అంచు, వేలి వెడల్పున, టైలరమ్మ తన గుడ్డల కత్తెరతో తిన్నగా కత్తిరించినది. కుర్రాడు స్టూలు దిగి దాన్ని అందుకుని, అలవాటుగా గుమ్మం దగ్గరి వెలుగులోకి తీసుకెళ్లాడు.

“నేను కలిపిందే కదా ఇది.”

“కాదు. ఏడేళ్ల క్రితం నేను కలిపింది. నువ్వు కలిపింది దీనికి సరిగ్గా సరిపోయింది.” పెద్దాయన గొంతు సర్దుకున్నాడు. “నేనే చూసుకోలేదు. నిన్న లక్ష డబ్బాలు నీ ఇంకుతోనే వేశాం.”

కుర్రాడు ఆ ముక్కను తిప్పి తిప్పి చూశాడు. ఏదైనా అంటాడని ఇద్దరూ ఎదురుచూశారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

“డబ్బా పారెయ్యలేదా?”

“ఇంకు ఎప్పుడూ పారెయ్యలేదురా నేను,” అన్నాడు పెద్దాయన. తరువాత ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. ఆ అనబోయినదేమిటో ముగ్గురికీ తెలిసింది.

టైలరమ్మ సంచిలోంచి ఏప్రన్ తీసింది. రాత్రి ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చింది. తన కోసం వేరేది పాత పరదా గుడ్డతో కుట్టుకుంది.

“ఇది నీది తమ్ముడూ. పేరు ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.”

కుర్రాడు ఏప్రన్ అందుకుని అక్షరాలు చూసి నవ్వాడు. వస్తానని అనలేదు, రానని అనలేదు. ఏప్రన్‌ను నాలుగు మడతలు పెట్టి, కాగితం ముక్కను ఎండ తగలకుండా లోపలి మడతలో పెట్టుకున్నాడు.

“కూర్చోండి మామయ్యా. టీ చెబుతాను,” అని, ఇక అక్కణ్ణుంచి ఆపకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు.